తూకం చీటీల నుంచి తొలగింపు ఉత్తర్వు దాకా

ఒక మనిషిని ఉద్యోగంలోంచి తీసేస్తూ ఉత్తరం రాయడం కష్టమైన పని. తప్పు చేశాడని నూటికి నూరుపాళ్లు తెలిసినప్పుడు మరీ కష్టం. ఎందుకంటే అప్పుడు రాసేవాడికి కోపం ఉంటుంది, ఆ కోపానికి న్యాయమైన కారణమూ ఉంటుంది. చాలా ఉత్తరాలు చెడిపోయేది అక్కడే. ఏళ్లుగా ఫ్యాక్టరీల తరఫున ఇలాంటి కాగితాలు రాస్తూ, ఇతరులు రాసినవి దిద్దుతూ వచ్చినవాణ్ని. కార్మిక న్యాయస్థానంలో యాజమాన్యం ఓడిపోయిన కేసుల్లో, తప్పు జరగలేదని తేలి ఓడిపోయినవి నేను చూసినంతలో తక్కువే. జరిగిన తప్పుకి మించి ఉత్తరంలో రాసి, లేదా దాన్ని అడగాల్సిన పద్ధతిలో అడగక ఓడిపోయినవే ఎక్కువ.

ఒక కేసు తీసుకుని మొదటినుంచీ చివరిదాకా నడిపిద్దాం. ఇది నేను అల్లిన కేసు, ఎవరిదీ కాదు. అయితే ఇందులోని ప్రతి మలుపూ ఏదో ఒక ఫ్యాక్టరీలో ఎదురయ్యేదే.

గోదావరి జిల్లాల్లో ఒక చేపల మేత ఫ్యాక్టరీ. మూడొందల యాభైమంది పనిచేస్తారు. లారీల్లో తవుడు వస్తుంది. గేటు పక్కనే వేబ్రిడ్జి. లారీ సరుకుతో ఒకసారి, దించాక ఖాళీగా ఒకసారి కాటా ఎక్కుతుంది. రెండింటి తేడాయే సరుకు బరువు. దానికే డబ్బు కడతారు. కాబట్టి ఖాళీ బరువు తగ్గించి చూపిస్తే చాలు, రాని తవుడుకి డబ్బు వెళ్లిపోతుంది.

జనవరి 12న స్టోర్స్ గుమాస్తా పాత చీటీలు సర్దుతుంటే ఒకే లారీ ఖాళీ బరువు చీటీ చీటీకీ మారుతున్నట్టు కనబడింది. ఆ లారీ మామూలుగా 8,420 కిలోల పైనే తూగుతుంది. డిసెంబర్ 8 చీటీలో 7,800. డిసెంబర్ 17న 7,820. డిసెంబర్ 29న 7,780. జనవరి 9న మళ్లీ 7,800. నాలుగు రోజులూ కాటా మీద ఉన్నది ఒకే ఆపరేటరు. ఎనిమిదేళ్ల తొమ్మిది నెలల సర్వీసు, ఇంతవరకూ ఒక్క మెమో కూడా లేని మనిషి.

ఆ సాయంత్రమే అతన్ని పిలిచి, "రాజీనామా రాసిచ్చెయ్, గొడవ లేకుండా పోతుంది" అనే యజమానులు చాలామంది ఉంటారు. మంచితనంతో అంటున్నామనే అనుకుంటారు కూడా. కానీ గదిలో నలుగురు కూర్చుని రాయించుకున్న రాజీనామా, బలవంతంగా రాయించారని మర్నాడే అతను ఫిర్యాదు చేస్తే నిలబడడం కష్టం. పైగా ఆ మనిషి నిజంగా చేశాడా లేదా అన్నది ఎప్పటికీ తేలదు. మా కేసులో మేనేజరు ఆ దారి తొక్కలేదు. జనవరి 13న విచారణ ముగిసేదాకా సస్పెండ్ చేస్తూ ఒక కాగితం ఇచ్చారు. సస్పెన్షన్ శిక్ష కాదు గనక జీతం పూర్తిగా ఆపకూడదు. మొదటి తొంభై రోజులు జీతంలో సగం జీవనాధార భత్యంగా ఇవ్వాలి. అతని తప్పు లేకుండా విచారణ సాగితే ఆ తర్వాత డెబ్బై ఐదు శాతం. 2025 నవంబర్ 21న అమల్లోకి వచ్చిన పారిశ్రామిక సంబంధాల కోడ్‌లోనూ ఇదే లెక్క ఉంది. సస్పెండ్ చేసిన రోజునుంచి మామూలుగా తొంభై రోజుల్లో విచారణ ముగించాలనీ అందులో ఉంది.

ఇక ఛార్జిషీటు. తొలగింపు ఉత్తరం భవిష్యత్తు మొత్తం ఈ కాగితంలోనే ఉంటుంది. ఇక్కడ అడగని తప్పుకి అక్కడ శిక్ష వేయలేం. జనవరి 19న ఇచ్చిన ఛార్జిషీటులో రెండు అభియోగాలు పెట్టారు. ఒకటి, ఫలానా నాలుగు తేదీల్లో, ఫలానా నంబర్ల చీటీల్లో, కాటా చూపిన ఖాళీ బరువు కాకుండా వేరే అంకెను చేత్తో ఎక్కించి సంస్థకు నష్టం కలిగించారు. రెండు, అందుకుగాను లారీ యజమాని దగ్గర డబ్బు తీసుకున్నారు. వీటికి ఏడు రోజుల్లో సంజాయిషీ ఇవ్వమన్నారు.

ఛార్జిషీటు భాషలో చిన్న జాగ్రత్త ఉంది. "మోసం చేసిన మీపై ఎందుకు చర్య తీసుకోకూడదు" అని రాస్తే, విచారణకి ముందే తీర్పు చెప్పేసినట్టు. 2010లో ఓరిక్స్ ఫిషరీస్ కేసులో సుప్రీంకోర్టు షోకాజ్ నోటీసు గురించి సరిగ్గా ఈ మాటే చెప్పింది. ముందే మనసు మూసేసుకుని ఇచ్చిన నోటీసు ఉత్త లాంఛనం అవుతుంది. "ఎక్కించినట్టు ఆరోపణ" అనాలి. ఒక్క మాట తేడా. కానీ ఆ మాట దగ్గర రాసేవాడి మనసు తెరిచి ఉందో లేదో తెలిసిపోతుంది.

అతని సంజాయిషీ జనవరి 25న వచ్చింది. కంప్యూటర్ ఏ అంకె చూపిస్తే అదే ప్రింట్ అయిందని, లారీ ఖాళీ బరువు డీజిల్‌ని బట్టి మారుతుందని, డబ్బు మాట పచ్చి అబద్ధమని రాశాడు. ఈ సమాధానాన్ని ఊరికే తోసిపుచ్చకూడదు. డీజిల్ మాట నిజమే. ట్యాంకు నిండుగా ఉంటే ఒక లెక్క, అడుగంటితే ఒక లెక్క, రెండు మూడు వందల కిలోల దాకా తేడా రావచ్చు. ఆరువందలు వస్తుందా అన్నదే ప్రశ్న.

విచారణకి బయటి న్యాయవాదిని నియమించారు. చీటీలు పట్టుకున్న గుమాస్తాగానీ, ఫిర్యాదు రాసిన స్టోర్స్ మేనేజరుగానీ విచారణాధికారి కాకూడదు. సాక్షి కుర్చీలో కూర్చున్నవాడు న్యాయం చెప్పే కుర్చీలో కూర్చోకూడదు. ఫిబ్రవరి 10, 17, 24, మార్చి 3న నాలుగు సార్లు కూర్చున్నారు. ఆపరేటరు తన తరఫున యూనియన్ నాయకుణ్ని తోడు తెచ్చుకున్నాడు.

ఇక్కడ చాలా ఫ్యాక్టరీలు ఒక పొరపాటు చేస్తాయి. కాగితాల కట్ట విచారణాధికారి ముందు పెట్టి, అదే సాక్ష్యం అనుకుంటాయి. కాగితం తనంతట తాను మాట్లాడదు. దాన్ని రాసినవాడో, తయారుచేసినవాడో వచ్చి చెప్పాలి. అవతలివాళ్లు అతన్ని ప్రశ్నించగలగాలి. 2008లో రూప్‌సింగ్ నేగీ కేసులో సుప్రీంకోర్టు ఇదే ఎత్తిచూపింది. పోలీసులు సేకరించిన కాగితాలు ఊరికే దాఖలు చేసినంత మాత్రాన రుజువు కావంది. మా కేసులో గుమాస్తా వచ్చి చీటీలు చూపించాడు. వేబ్రిడ్జి సాఫ్ట్‌వేర్ పెట్టిన టెక్నీషియన్ వచ్చి, ఆ నాలుగు ఎంట్రీలూ కాటా నుంచి నేరుగా రాలేదని, చేత్తో టైపు చేసినవని, అది ఆ ఆపరేటరు పాస్‌వర్డ్‌తోనే జరిగిందని రికార్డు చూపించాడు. తూనికలు కొలతల శాఖ వేసిన ముద్ర, ఇచ్చిన సర్టిఫికెట్ చూపించారు. అంటే కాటా సరిగ్గానే ఉంది. రెండు నెలల్లో ఆ లారీ కాటా ఎక్కిన మిగతా సందర్భాలన్నీ తీస్తే, అది ఎప్పుడూ 8,420కి తగ్గలేదు. డీజిల్ మాటకి సమాధానం అక్కడ దొరికింది.

పాస్‌వర్డ్ ఇంకెవరికైనా తెలుసా అని యూనియన్ నాయకుడు టెక్నీషియన్ని నిలదీశాడు. మంచి ప్రశ్న. తెలియదని అతను చెప్పలేకపోయాడు. కానీ ఆ నాలుగు చీటీల మీదా సంతకం తనదేనని ఆపరేటరు ఒప్పుకున్నాడు. ఆ సమయంలో కాటా గదిలో తను తప్ప ఎవరూ లేరనీ చెప్పాడు. ఇలాంటి విచారణలో క్రిమినల్ కోర్టులోలాగా అనుమానానికి ఆస్కారమే లేకుండా రుజువు చేయనక్కర్లేదు. అలా జరిగి ఉండడానికే ఎక్కువ అవకాశం ఉందని సాక్ష్యం చెబితే సరిపోతుంది. అయితే సాక్ష్యం అనేది ఉండాలి.

రెండో అభియోగానికి అది లేదు. లారీ యజమాని రాలేదు. డబ్బు చేతులు మారడం చూసినవాళ్లు లేరు. "వాళ్లిద్దరూ టీ కొట్టు దగ్గర కలిసి కనబడేవాళ్లు" అని వాచ్‌మన్ చెప్పాడు. టీ తాగడం నేరం కాదు. మార్చి 14న వచ్చిన విచారణ నివేదిక మొదటి అభియోగం రుజువైందని, రెండోది రుజువు కాలేదని తేల్చింది.

ఈ నివేదిక కాపీ ఆపరేటరుకి ఇవ్వాలి. ఇది మన హైదరాబాద్ కంపెనీ ఇసిఐఎల్ కేసులో స్థిరపడిన సూత్రం. 1993లో సుప్రీంకోర్టు అయిదుగురు జడ్జీల ధర్మాసనం, శిక్ష నిర్ణయించేవాడు నివేదిక చదివి ఒక అభిప్రాయానికి రాకముందే ఉద్యోగికి దాని కాపీ ఇచ్చి, అతని మాట వినాలంది. ప్రభుత్వ సంస్థలకే కాదు, ప్రైవేటు సంస్థలకీ ఇది వర్తిస్తుందని చెప్పింది. ఇవ్వనంత మాత్రాన ఉద్యోగం తిరిగి వచ్చేయదు. ఇవ్వకపోవడంవల్ల అతనికి నిజంగా నష్టం జరిగిందా అని న్యాయస్థానం చూస్తుంది. కానీ నాలుగు పేజీల కాపీ ఇవ్వకుండా, ఆ ప్రశ్నకి కోర్టులో జవాబు వెతుక్కునే పరిస్థితి ఎందుకు? మార్చి 16న కాపీ ఇచ్చారు, మార్చి 25న జవాబు వచ్చింది. డిస్మిస్ చేయాలని అనుకుంటున్నామని, ఏం చెబుతారని ఏప్రిల్ 1న ఇంకో నోటీసు ఇచ్చారు. ఈ రెండో నోటీసు కావాలా వద్దా అన్నది ఆ సంస్థ స్టాండింగ్ ఆర్డర్లను బట్టి ఉంటుంది. ఏప్రిల్ 7న అతను ఒకటే పేరా రాశాడు. తొమ్మిదేళ్లుగా పనిచేస్తున్నానని, ఇద్దరు పిల్లలు చదువుకుంటున్నారని, వేరే శిక్ష ఏదైనా వేయమని.

ఇప్పుడు ఉత్తరం. మొదటి చిత్తు ఫ్యాక్టరీలోనే తయారైంది. అది ఇలా ఉంది:

"మీరు లారీ యజమానితో కుమ్మక్కై లంచం తిని, కంపెనీకి లక్షల్లో నష్టం తెచ్చి, తిన్నింటి వాసాలు లెక్కపెట్టారు. గతంలోనూ మీ ప్రవర్తన అనుమానాస్పదంగా ఉండేది. మీలాంటివారికి ఈ సంస్థలో చోటు లేదు. జనవరి 13 నుంచే మిమ్మల్ని ఉద్యోగం నుంచి తొలగిస్తున్నాం. నష్టం పూర్తిగా రాబట్టేదాకా మీకు ఎలాంటి బకాయిలూ చెల్లించబడవు. పోలీసు కేసు పెట్టనందుకు సంతోషించండి."

రాసినవాడి బాధ నాకు అర్థమవుతుంది. తొమ్మిదేళ్లు పక్కనే పనిచేసిన మనిషి ఇలా చేశాడంటే మండిపోతుంది. కానీ ఈ ఆరు వాక్యాల్లో ఒక్కటి కూడా నిలబడదు. లంచం రుజువు కాలేదని విచారణాధికారే చెప్పాడు. దాన్ని ఇక్కడ మళ్లీ రాస్తే, విచారణ చదవకుండానే శిక్ష వేశారని అర్థం. లక్షల నష్టం ఎవరూ లెక్కకట్టలేదు. పాత ప్రవర్తన సంగతి ఛార్జిషీటులో గానీ, రెండో నోటీసులో గానీ లేదు. గత చరిత్రను శిక్షకి ఆధారం చేసుకోవాలంటే ముందే ఉద్యోగికి చెప్పి, జవాబు అడగాలని 1963లోనే మాంచె గౌడ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. తొలగింపును మూడు నెలలు వెనక్కి జరపడం కుదరదు. అలా చేస్తే ఇచ్చిన భత్యం సంగతి ఏమవుతుంది? ఉత్తర్వు అతనికి అందాకే అమల్లోకి రావాలి. పోలీసు కేసు బెదిరింపు గురించి చెప్పేదేముంది! ఫిర్యాదు చేసే హక్కు ఉంటే చేయాలి, లేదంటే ఊరుకోవాలి. ఉత్తరంలో దాన్ని బేరంలా ఊపకూడదు.

ఈ ఉత్తరాన్ని ఆపరేటరొక్కడే చదవడు. చేతిలోకి తీసుకోగానే అతని భార్య చదువుతుంది. హైస్కూల్లో ఉన్న కూతురు చదివి పెడుతుంది. రేపు యూనియన్ నాయకుడు చదువుతాడు. రెండేళ్లలోపు అతను వివాదం లేవదీస్తే న్యాయాధికారి చదువుతాడు. ఇంట్లోవాళ్లు చదివినప్పుడు "నాన్న లంచం తిన్నాడు" అన్న రుజువుకాని మాట అందులో ఉండకూడదు. న్యాయాధికారి చదివినప్పుడు ఏం జరిగింది, ఎలా తెలిసింది, ఏం అడిగారు, అతను ఏం చెప్పాడు, ఎందుకు నమ్మలేదు అన్నవి వేరే కాగితం తిరగేయకుండా అర్థమవ్వాలి. ఈ ఇద్దరికీ కావలసింది చివరికి ఒకే రకం ఉత్తరం.

అందుకే దాన్ని తెలుగులో రాయాలని నేను పట్టుబడతాను. ఇంగ్లీషులో రాస్తే మెత్తగా కనబడే మాటల వెనక చాలా దాగిపోతాయి. తెలుగు మీడియంలో పదో తరగతి చదివిన మనిషి తన ఉద్యోగం ఎందుకు పోయిందో ఇంకొకరిని అడిగి తెలుసుకోవాల్సి రావడం తప్పు. మేం రాసిన ఉత్తరంలో అసలు భాగం ఇది:

"శ్రీ ... గారికి,

8-12, 17-12, 29-12, 9-1 తేదీల్లో మీరు వేబ్రిడ్జి ఆపరేటరుగా డ్యూటీలో ఉండగా జారీ అయిన నాలుగు చీటీల్లో, లారీ ఖాళీ బరువును కాటా నుంచి తీసుకోకుండా చేత్తో తక్కువగా ఎక్కించినట్టు, అందుకు డబ్బు తీసుకున్నట్టు 19-1 నాటి ఛార్జిషీటులో మీపై రెండు అభియోగాలు మోపాం. 25-1న మీరిచ్చిన సంజాయిషీ తర్వాత, నాలుగు వాయిదాల్లో విచారణ జరిగింది. మీ సహాయకుడి సమక్షంలో మీరు సాక్షులను ప్రశ్నించారు, మీ వాంగ్మూలం ఇచ్చారు. నివేదిక కాపీ 16-3న మీకు అందింది. దానిపై మీ జవాబును, ప్రతిపాదిత శిక్షపై 7-4 నాటి మీ జవాబును చదివాను.

మొదటి అభియోగం రుజువైందన్న విచారణాధికారి నిర్ణయంతో ఏకీభవిస్తున్నాను. డీజిల్ వల్ల బరువు మారిందన్న మీ వివరణను పరిశీలించాను. ఆ లారీ రెండు నెలల్లో తూగిన అతి తక్కువ ఖాళీ బరువు 8,420 కిలోలు. దాన్నే ప్రమాణంగా తీసుకున్నా నాలుగు చీటీల్లో కలిపి 2,480 కిలోల తేడా ఉంది. కిలో రూ. 20 కొనుగోలు ధర ప్రకారం నష్టం రూ. 49,600. రెండో అభియోగం రుజువు కాలేదు. దాన్ని ఇంతటితో విరమిస్తున్నాం. ఈ నిర్ణయానికి దాన్ని లెక్కలోకి తీసుకోలేదు.

మీ ఎనిమిదేళ్ల తొమ్మిది నెలల సర్వీసులో ఇంతకుముందు ఎలాంటి శిక్షా లేదని, మీ కుటుంబ పరిస్థితి గురించి మీరు రాసినదాన్ని గమనించాను. అయితే తూకం అంకెను నమ్మి డబ్బు చెల్లించే చోట, నాలుగు వేర్వేరు రోజుల్లో తెలిసి చేసిన తప్పుడు నమోదుకు ఇంతకన్నా తక్కువ శిక్ష సరిపోదని భావిస్తున్నాను. సంస్థ వ్యాపారానికి సంబంధించి మోసం, నిజాయితీ లేకపోవడం అనే దుష్ప్రవర్తన కింద, ఈ ఉత్తర్వు మీకు అందిన తేదీ నుంచి మిమ్మల్ని సర్వీసు నుంచి డిస్మిస్ చేస్తున్నాను."

ఇందులో ఒక తిట్టు లేదు, ఒక ఓదార్పు కూడా లేదు. "మీ భవిష్యత్తు బాగుండాలని కోరుకుంటున్నాం" అన్న వాక్యం ఎవరో చేరిస్తే కొట్టేశాను. తీసేస్తూ అలా అనడం గాయం మీద కారం చల్లినట్టే. మర్యాద "గారు"లో ఉంది, "మీరు"లో ఉంది, అతను చెప్పిన డీజిల్ మాటకి పేరాగ్రాఫ్ ఇచ్చి జవాబు చెప్పడంలో ఉంది. గట్టితనం అంకెల్లో ఉంది. 8,420ని ప్రమాణంగా తీసుకోవడం వల్ల నష్టం కాస్త తక్కువగానే తేలింది. కానీ ఆ అంకెను ఎవరూ కదపలేరు.

చివరి పేరాలో "మోసం" అన్న ఒక్క మాటను చాలాసేపు ఆలోచించి పెట్టాం. దొంగతనం అని రాయలేం, సరుకు ఎవరూ ఎత్తుకుపోలేదు. స్వాహా చేశారని రాయలేం, డబ్బు అతనికి చేరినట్టు రుజువు లేదు. వేతనాల చట్టం ప్రకారం మోసం, సంస్థ ఆవరణలో దౌర్జన్యం, దొంగతనం, స్వాహా, విధ్వంసం వంటి కారణాలతో డిస్మిస్ అయినవారికి బోనస్ రాదు. కాబట్టి ఈ మాట సరిగ్గా లేకపోతే బోనస్ దగ్గర కొత్త వివాదం మొదలవుతుంది.

ఇక డబ్బు. "బకాయిలు నిబంధనల ప్రకారం చెల్లించబడతాయి" అని ఒక్క ముక్కలో తేల్చేసే ఉత్తరాలు చూస్తే నాకు బాధగా ఉంటుంది. ఉద్యోగం పోయిన ఇంట్లో ఆ రాత్రి మాట్లాడుకునేది ఎంత వస్తుంది, ఎప్పుడు వస్తుంది అనే. అతని నెల జీతం రూ. 24,000, అంటే రోజుకి 800. ఉత్తర్వు ఏప్రిల్ 10న అతని చేతికి ఇచ్చారు. ఏప్రిల్‌లో ఆ పది రోజులకి సగం జీతం చొప్పున భత్యం 4,000. వాడుకోకుండా మిగిలిన సెలవులు 22, వాటికి 17,600. డిస్మిస్ అయినంత మాత్రాన సంపాదించుకున్న సెలవు పోదు. మొత్తం 21,600లో సంక్రాంతికి ముందే తీసుకున్న పండగ అడ్వాన్సులో తీరనిది 2,500 పోను 19,100. తొలగించిన నాటినుంచి రెండు పనిదినాల్లో వేతన బకాయిలు చేతికి అందాలి. పాత చట్టంలోనూ అంతే, ఇప్పటి వేతనాల కోడ్‌లోనూ అంతే. "నెలాఖరున చూద్దాం" అనే ఫ్యాక్టరీలకి ఈ సంగతి తెలియదు.

గ్రాట్యుటీ దగ్గరే ఎక్కువమంది తడబడతారు. డిస్మిస్ చేశాం గనక గ్రాట్యుటీ లేదు అనుకుంటారు. అలా కాదు. అతని మూలవేతనం, కరువుభత్యం కలిపి 15,600. దాన్ని 26తో భాగించి 15తో హెచ్చవేస్తే ఏడాదికి 9,000. ఎనిమిదేళ్ల మీద ఆరు నెలలు దాటింది గనక తొమ్మిదేళ్ల లెక్క. మొత్తం 81,000. ఉద్యోగి చేసిన పనివల్ల సంస్థ ఆస్తికి నష్టం జరిగి, ఆ కారణంతోనే తొలగిస్తే, ఆ నష్టం మేరకే గ్రాట్యుటీని ఆపొచ్చు. మొత్తాన్నీ ఆపే వీలు, పని సందర్భంలో దౌర్జన్యం చేసినప్పుడో, నైతిక పతనంగా లెక్కించే నేరం లాంటి పని చేసినప్పుడో ఉంటుంది. దానికి క్రిమినల్ కోర్టు శిక్ష పడాల్సిందేనని 2018 నాటి ఒక తీర్పు చెబుతుందని చాలాకాలం అనుకున్నారు. అది తప్పనిసరి కాదని 2025లో వెస్టర్న్ కోల్‌ఫీల్డ్స్ కేసులో సుప్రీంకోర్టు స్పష్టం చేసింది. అంటే యజమాని చేతిలో అధికారం పెరిగింది. అందుకే దాన్ని ఆచితూచి వాడాలి.

మా కేసులో మొత్తం ఆపుదామన్న ఒత్తిడి వచ్చింది. లంచం రుజువు కాలేదు, నష్టం లెక్క తేలింది, కాబట్టి నష్టం మేరకే అడుగుదాం అన్నాను. అదీ తొలగింపు ఉత్తర్వులో ఒక వాక్యంగా కాదు. గ్రాట్యుటీ ఆపడానికి విడిగా నోటీసు ఇచ్చి, జవాబు విని, విడిగా కారణాలతో నిర్ణయం రాయాలి. ఉత్తరంలో ఇలా ఉంది: "మీ గ్రాట్యుటీ రూ. 81,000. ఇందులో రూ. 49,600ను నష్టం కింద ఎందుకు ఆపకూడదో తెలపవలసిందిగా విడి నోటీసు జతపరిచాం. వివాదం లేని రూ. 31,400ను 30 రోజుల్లోపు మీ ఖాతాలో జమ చేస్తాం. ఇదే నష్టాన్ని మీ జీతం నుంచి గానీ, సెలవు జీతం నుంచి గానీ తగ్గించడం లేదు." ఆ చివరి వాక్యం ఎందుకంటే, ఒకే నష్టాన్ని జీతంలో ఒకసారి, గ్రాట్యుటీలో ఒకసారి కోసుకునే అలవాటు కొన్ని అకౌంట్స్ విభాగాల్లో ఉంది.

పీఎఫ్ జోలికి మాత్రం ఎవరూ వెళ్లకూడదు. అందులో యజమాని వాటాగా జమ అయిన సొమ్ము కూడా ఉద్యోగిదే. ఎంత నష్టం జరిగినా దాన్ని అక్కడినుంచి రాబట్టుకోలేరు. ఉద్యోగం ముగిసిన తేదీని పీఎఫ్ పోర్టల్లో నమోదు చేయాల్సిన బాధ్యత మాత్రం సంస్థది. కోపంతో నెలల తరబడి ఆ తేదీ వేయకుండా ఉంచితే, అతను తన సొంత డబ్బు తీసుకోలేక తిరుగుతాడు. మా ఉత్తరంలో అది ఏ రోజుకి చేస్తామో రాశాం. సర్వీసు సర్టిఫికెట్ కూడా ఇస్తామని రాశాం. డిస్మిస్ అయిన పర్మనెంట్ కార్మికుడికీ సర్టిఫికెట్ ఇవ్వాలని నమూనా స్టాండింగ్ ఆర్డర్లలోనే ఉంది. అందులో ఎప్పటినుంచి ఎప్పటిదాకా, ఏ పనిలో అన్నంతవరకే ఉంటుంది.

ఉత్తరం మీద సంతకం ఎవరిదన్నది కూడా ముఖ్యమే. స్టాండింగ్ ఆర్డర్ల ప్రకారం డిస్మిస్ చేసే అధికారం ఎవరికి ఉందో వారిదే కావాలి. హెచ్‌ఆర్ అసిస్టెంట్ "ఫర్ మేనేజర్" అని పెట్టే సంతకం ఇక్కడ పనికిరాదు. ఉత్తరాన్ని ఇద్దరు సాక్షుల ముందు చేతికివ్వాలి. అదే రోజు ఇంటి అడ్రసుకి, అందినట్టు రసీదు తిరిగొచ్చే పద్ధతిలో పోస్టులోనూ పంపాలి. తీసుకోనంటే ఆ సంగతి సాక్షుల సంతకాలతో రాసిపెట్టుకోవాలి. పోస్టులో తిరిగివచ్చిన కవరుని తెరవకుండా అలాగే ఫైల్లో ఉంచాలి. తెరిచి చూసి మళ్లీ అంటించిన కవర్లు నేను చూశాను. అవి ఎందుకూ పనికిరావు.

తవుడు సరఫరాదారులకి ఫ్యాక్టరీ రెండు వాక్యాల కబురు పంపింది. ఫలానా ఆయన ఏప్రిల్ 10 నుంచి మా సంస్థలో లేరు, తూకం సంగతులు ఇకమీదట ఫలానా విభాగంతో మాట్లాడండి, అంతే. డ్రైవర్ల వాట్సాప్ గ్రూపులో అతని ఫొటో పెడదామన్న సెక్యూరిటీ ఇన్‌చార్జిని మేనేజరు ఆపాడు. వేబ్రిడ్జి సాఫ్ట్‌వేర్లో చేత్తో అంకె ఎక్కించే వీలును మూయించి, అది తెరవాలంటే ఇద్దరి పాస్‌వర్డ్‌లు కావాలన్న ఏర్పాటు చేయించాడు. ఇది మొదటే ఉంటే ఈ నాలుగు చీటీలూ పుట్టేవి కావు.

ఏప్రిల్ 13న 19,100 అతని ఖాతాలో పడింది. మే 8న 31,400. మిగిలిన 49,600 మీద అతని జవాబు వచ్చింది. దాన్ని కూడా ఒక వాయిదా వేసి విన్నాకే నిర్ణయం రాశారు.